ఏడో ప్రశ్నకు నేను దిద్దిన జవాబు

నారాయణఖేడ్‌లో ఒక జూనియర్ కాలేజీలో చాలా ఏళ్లుగా ఫిజిక్స్ చెబుతున్నాను. బోర్డు మీద తప్పు రాయడం నాకు కొత్తేమీ కాదు. పిల్లలు అరుస్తారు, నవ్వుకుంటూ చెరిపి మళ్లీ రాస్తాను. కానీ ఒకసారి, తప్పని తెలిసిన తరువాత కూడా దాన్ని ఒప్పుగా నిలబెట్టాను. అది మాత్రం మరిచిపోలేకపోతున్నాను.

ఆ ఏడాది సంగారెడ్డిలో ప్రవేశ పరీక్షకు వేసవి శిక్షణ పెట్టారు. ఉచితం, హాస్టల్ కూడా ఉంది. మా కాలేజీ నుంచి మొదటి ఏడాది పిల్లల్లో నలుగురిని పంపమన్నారు. పరీక్ష పెట్టి ఎంపిక చేయమని ప్రిన్సిపాల్ నాకు అప్పజెప్పాడు.

ఏడో ప్రశ్న చక్రీయ ప్రక్రియ మీద ఇచ్చాను. ఏకపరమాణుక ఆదర్శ వాయువు. పీడనం నిలువు గీత మీద, ఘనపరిమాణం అడ్డగీత మీద. వాయువు A నుంచి B కి ఘనపరిమాణం మారకుండా పీడనం రెట్టింపు చేసుకుంటుంది. B నుంచి C కి అదే పీడనం దగ్గర ఘనపరిమాణం రెట్టింపవుతుంది. C నుంచి D కి పీడనం మళ్లీ సగానికి పడుతుంది. D నుంచి A కి కుంచించుకుని మొదటికి వస్తుంది. బొమ్మ చతురస్రంలా ఉంటుంది. నికర పని ఎంత, వాయువు తీసుకున్న ఉష్ణం ఎంత, అందులో పనిగా మారిన వంతు, అంటే దక్షత ఎంత అన్నది ప్రశ్న.

జవాబు ఆ రోజు పొద్దున స్టాఫ్ రూమ్‌లో టీ తాగుతూ రాసుకున్నాను. మొదటి పీడనాన్నీ మొదటి ఘనపరిమాణాన్నీ గుణిస్తే వచ్చేదాన్ని ఒక పాలు అనుకుంటే, చతురస్రం వైశాల్యం ఒక పాలు. అదే నికర పని. B నుంచి C కి వ్యాకోచించేటప్పుడు తీసుకున్న ఉష్ణం అయిదు పాళ్లు. అయిదింట ఒకటి, అంటే దక్షత ఇరవై శాతం. అంతే, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

పేపర్లు తిరిగి ఇచ్చిన రోజు మూడో బెంచీ నుంచి ఒక అమ్మాయి లేచింది. కంగ్టి దగ్గరి పల్లె నుంచి రోజూ బస్సులో వచ్చేది. తక్కువ మాట్లాడుతుంది, లెక్క మాత్రం నీట్‌గా చేస్తుంది.

"సార్, ఏడోది నాది తప్పెట్లైతది?"

"దక్షత ఇరవై శాతం రావాలె. నువ్వు పదిహేను చిల్లర రాసినవ్."

"A కెల్లి B కి పోయేటప్పుడు గూడ వాయువు వేడి తీస్కుంటది గద సార్. మీరు గా వేడి కలపలే."

"ఆడ ఘనపరిమాణం మారుతలేదు. పని సున్నా."

"పని సున్నానే సార్. వేడి సున్నా ఎట్లైతది? పీడనం డబుల్ అయితే ఉష్ణోగ్రత గూడ డబుల్ అయితది. మరి గా వేడి యాడికెల్లి వచ్చింది?"

అప్పుడే తెలిసిపోయింది. వాయువు పని చేయకపోతే దానికిచ్చిన వేడి అంతా దాని అంతర్గత శక్తిలోకే పోతుంది. ఏటా నేను చెప్పే మాటే. A నుంచి B కి ఒకటిన్నర పాళ్లు, B నుంచి C కి అయిదు పాళ్లు, మొత్తం ఆరున్నర. ఒకటిని ఆరున్నరతో భాగిస్తే పదమూడింట రెండు, ఆమె రాసిన పదిహేను చిల్లర శాతమే.

గుమ్మంలో ప్రిన్సిపాల్ నిలబడి ఉన్నాడు, జాబితా కోసం. నలభై మంది పిల్లలు నా నోటి వైపు చూస్తున్నారు.

"కూసో," అన్నాను. "కీ నేను చూస్కున్న. వాదన పెట్టకు."

వెనక బెంచీల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆమె కూర్చుంది. పేపర్ పుస్తకంలో పెట్టుకుని బోర్డు వైపు చూడసాగింది. నేను జాబితా ప్రిన్సిపాల్ చేతికిచ్చాను. అందులో ఆమె పేరు లేదు. మూడు మార్కులు తక్కువై అయిదో స్థానంలో ఉంది. ఏడో ప్రశ్నకు నాలుగు మార్కులు.

వారం పాటు ఎవరికీ చెప్పలేదు. మూడో బెంచీ వైపు చూడకుండా పాఠం చెప్పాను. ఆ అమ్మాయి ఎలాగైనా చదువుకుంటుందిలే అనుకున్నాను. నాలుగో స్థానంలో ఉన్న పిల్ల కూడా లేనివాళ్ల పిల్లే కదా అనుకున్నాను. ఏదీ మనసుకు ఎక్కలేదు. చివరికి కెమిస్ట్రీ మేడమ్‌కు చెప్పాను.

ఆమె టిఫిన్ డబ్బా మూత పెట్టేసింది. "పిల్లలు ఇంకా సంగారెడ్డి పోలే గద సార్. నన్నెందుకు అడుగుతున్నరు? పోయి చెప్పుండ్రి."

ప్రిన్సిపాల్ అంతా విని కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"పేరు మార్చాలంటే కారణం రాయాలె. ఏం రాద్దాం?"

"నేను తప్పుగ దిద్దిన అని రాయుండ్రి."

ఆయన సంగారెడ్డికి ఫోన్ చేశాడు. అయిదో సీటు లేదన్నారు. కావాలంటే ఒకరిని తీసేసి ఇంకొకరిని పంపుకోమన్నారు. నాలుగో పిల్ల వాళ్ల నాయన అప్పటికే ట్రంకుపెట్టె కొనుక్కొచ్చాడట. "చెప్పు, తీసేద్దామా?" అని ప్రిన్సిపాల్ అడిగాడు. ఆ నాలుగో పిల్ల రాసింది నా కాగితంలో ఉన్న తప్పు జవాబే. ఆ మాటే చెప్పి తీసేయాలా? చివరికి వద్దన్నాను. అలా ఆ అమ్మాయికి రెండోసారి అన్యాయం చేశాను, ఈసారి తెలిసి తెలిసి.

మరునాడు తరగతిలో ఆ చతురస్రం మళ్లీ గీశాను. "ఏడో ప్రశ్న నేను తప్పుగ దిద్దిన. ఆమె జవాబే కరెక్టు," అన్నాను. ఆమెను బోర్డు దగ్గరికి పిలిచాను.

"మీరే చెప్పుండ్రి సార్," అంది, లేవకుండానే.

నేనే చెప్పాను. C నుంచి D కి మూడు పాళ్లు, D నుంచి A కి రెండున్నర పాళ్లు వేడి బయటికి పోతుంది. తీసుకున్న ఆరున్నరలోంచి వదిలిన అయిదున్నర తీసేస్తే ఒకటి, సరిగ్గా చతురస్రం వైశాల్యం. నిలువు గీతలను వదిలేసి నా లెక్కన చూస్తే అయిదులోంచి రెండున్నర పోయి రెండున్నర మిగులుతుంది, పనేమో ఒకటే. ఒక్క తీసివేత చేసి ఉంటే ఆ పొద్దున టీ చల్లారకముందే తప్పు దొరికేది.

ఆదివారం బస్సెక్కి వాళ్ల ఊరికి పోయాను. వాకిట్లో వాళ్లమ్మ చాటలో కందులు చెరుగుతోంది. కుర్చీ వేసి నీళ్లిచ్చింది. జరిగినదంతా చెప్పాను.

"అంటే మా పిల్ల తప్పు రాయలే?"

"లేదమ్మా. నేనే తప్పు."

"మరి గా దినమే ఎందుకు చెప్పలే సార్?"

"అందరి ముంగట చిన్నతనమైతదని."

చాట మళ్లీ చేతిలోకి తీసుకుంది. అమ్మాయి గడపలో నిలబడి అంతా వింటోంది. రోజూ కాలేజీ అయ్యాక ల్యాబ్‌లో నేను చెబుతాను, వస్తావా అని అడిగాను. తల్లి వైపు చూసి, "వస్త," అంది.

సెలవుల్లో కూడా వచ్చింది. రెండు నెలలు ఒక్కరోజు తప్పలేదు. ఇచ్చిన లెక్కలన్నీ చేసింది. కానీ ఆ రెండు నెలల్లో నన్ను ఒక్క సందేహం కూడా అడగలేదు. జవాబు నాదానికంటే వేరుగా వస్తే పెన్ను ఆపి, నేను చూసుకునేదాకా ఊరికే కూర్చునేది.

రెండో ఏడాది అయ్యాక ప్రవేశ పరీక్ష రాసింది. కోరుకున్న కాలేజీలో సీటు రాలేదు, హైదరాబాద్ అవతల ఇంకేదో కాలేజీలో చేరింది. సంగారెడ్డి పోయి ఉంటే ర్యాంకు మారేదో లేదో నాకు తెలియదు. మారేది కాదులే అని కెమిస్ట్రీ మేడమ్ ఒకటి రెండు సార్లు ఓదార్పుగా అంది. కావచ్చు. ఆ మాట నాకు నేను చెప్పుకోవడానికి మాత్రం ఇప్పటికీ నోరు రాదు.