వంద గ్రాముల పొలోనియం

కాలేజీలో ఆవిడ అసలు పేరు జీతాల పుస్తకంలో తప్ప ఎక్కడా వినపడదు. అందరికీ సీసాలమ్మే. కెమిస్ట్రీ ల్యాబులో అటెండరు. ఇరవై ఆరేళ్ళుగా సీసాలు కడగడం, రసాయనాలు బీరువాల్లో సర్దడం, చీటీలు అతికించడం ఆవిడ పని. చదివింది ఏడో తరగతి. మనుషుల మీద ఆవిడకు పెద్ద గౌరవమేమీ లేదు. సీసా మీద రాసిందే లోపల ఉంటుంది, మనిషికి ఆ పూచీ లేదు అనేది.

అలాంటి ఆవిడ గౌరవించింది ఒక్కణ్ణే. ఆయన ముసలి మాస్టారు, అప్పటి కెమిస్ట్రీ లెక్చరరు. చేరిన కొత్తలో సోడియం సీసా మీద Na అని చూసి, ఎవరో తప్పు రాశారని చీటీ పీకబోయింది. మాస్టారు ఆపాడు.

“తప్పు కాదమ్మా. ఇనుముని మనం ఇనుమంటాం, ఇంగ్లీషువాళ్ళు ఐరన్ అంటారు, ఇంకో దేశంలో ఇంకోటంటారు. అందరికీ ఒకే గుర్తు ఉండాలని రెండొందల ఏళ్ళ కిందట లాటిన్ పేర్లలోంచి అక్షరాలు తీశారు. అప్పట్లో పండితులందరికీ వచ్చిన భాష అదే. ఇనుము ఫెర్రం, అందుకని Fe. సీసం ప్లంబం, అందుకని Pb. వెనకటికి రోమ్‌లో నీళ్ళ గొట్టాలు సీసంతో చేసేవాళ్ళు. ప్లంబరు అనే మాట కూడా అక్కణ్ణుంచి వచ్చిందే.”

“మరి సోడియమో?”

“అది ఆ రోజుల్లోనే కొత్తగా దొరికింది. తీసిన ఇంగ్లీషాయన సోడాలోంచి వచ్చిందని సోడియం అన్నాడు. మిగతావాళ్ళు నాట్రాన్ అనే పాత ఉప్పు పేరు మీద నేట్రియం అన్నారు. ఇంగ్లీషులో సోడియం పేరు నిలిచింది, గుర్తు మాత్రం నేట్రియంది నిలిచింది, అదే Na. పొటాషియానికీ అంతే. దాని రెండో పేరు కేలియం, గుర్తు K.”

అంత చదువుకున్నవాడు చేతులు తడిగా ఉన్న పనిమనిషికి నిలబడి చెప్పాడు. ఆవిడ మర్చిపోలేదు. ఆయన వెళ్ళిపోయాక ఆ కుర్చీలోకి ఇప్పటి కెమిస్ట్రీ సారు వచ్చాడు. పట్టాలు రెండెక్కువ, వెన్నెముక ఒకటి తక్కువ.

ఇక కాలేజీ యజమానిగారి అల్లుడు. మామగారికి ఒంట్లో బాగుండక పెత్తనం ఈయన చేతికొచ్చింది. అల్లుడుగారు అనే అందరూ పిలిచేవాళ్ళు, ఆయనకున్న అర్హత కూడా అదొక్కటే కాబట్టి. తనిఖీ బృందం వస్తోందని తెలిసి ఒకరోజు ల్యాబులోకి వచ్చాడు. లోహాల బీరువా తెరిపించాడు. కళ్ళజోడు పైకీ కిందకీ జరిపాడు.

“లెడ్‌కి Pb ఏంటి? అందులో పి ఎక్కడుంది, బి ఎక్కడుంది? ఐరన్‌కి Fe! ఎవరు రాశారివి?”

“నేనే సారూ. అవే వాటి గుర్తులండీ.”

“నువ్వేం చదువుకున్నావ్?”

“ఏడండీ.”

“అదీ సంగతి,” అన్నాడు అల్లుడుగారు, పెద్ద దొంగను పట్టుకున్నంత సంబరంగా.

సీసాలమ్మ కెమిస్ట్రీ సారు వైపు చూసింది. ఒక్క ముక్క చాలు. గుర్తుల పట్టిక వెనక గోడకే వేలాడుతోంది, వేలెత్తి చూపిస్తే చాలు. ఆ మహానుభావుడు తేలు కుట్టిన దొంగలా నేల చూపులు చూశాడు. తర్వాత గంగిరెద్దులా తలూపాడు. “మీరన్నట్టు ఇంగ్లీషు పేరు ప్రకారం ఉంటే పిల్లలకీ సులువేనండి,” అన్నాడు.

మర్నాటికి రెండు కాగితాలు వచ్చాయి. మొదటిది ఉత్తర్వు. లోహాలన్నిటికీ ఇంగ్లీషు పేరులోని మొదటి రెండు అక్షరాలే చీటీగా ఉండాలి, తనిఖీకిచ్చే జాబితాలోనూ అవే ఉండాలి. రెండోది మెమో. ఇరవై ఆరేళ్ళుగా తప్పుడు చీటీలు అంటించి విద్యార్థులను తప్పుదారి పట్టించానని ఆవిడ ఒప్పుకుని తనిఖీ నాటికి సంతకం పెట్టాలి. పెడితే నిర్లక్ష్యం కింద ఉద్యోగం పోతుంది. పెట్టకపోతే ధిక్కారం కింద పోతుంది. రిటైరవడానికి ఇంకా ఏడు నెలలుంది.

ఇంట్లో అక్క గోల పెట్టింది. “సంతకం పెట్టి బతిమాలుకోవే. పెద్దవాళ్ళతో మనకెందుకు?”

“పెద్దవాడా? ఎద్దు ఈనిందంటే దూడని కట్టెయ్యమనే రకం. వాడికి నేను తప్పు చేశానని రాసివ్వాలా?” అంది సీసాలమ్మ.

మెమో మడిచి సంచిలో పెట్టుకుంది. ఉత్తర్వు మాత్రం తు.చ. తప్పకుండా అమలు చేసింది. దాని మీద అల్లుడుగారి సంతకం, కింద ‘సరిచూశాను’ అని కెమిస్ట్రీ సారు సంతకం పెట్టించుకుని బీరువా తలుపుకు లోపలివైపు అంటించింది. సోడియం మీద So, పొటాషియం మీద Po, ఐరన్ మీద Ir, లెడ్ మీద Le, కాపర్ మీద Co. నీళ్ళు తగిలితే మండుతాయని కిరసనాయిల్లో ఉంచే సోడియం, పొటాషియం సీసాలను వేరే అరలో పెట్టి తాళం వేసి, తాళంచెవి కొంగున కట్టుకుంది. ఎవడి తెలివితక్కువకో పిల్లల చేతులు కాలకూడదు కదా.

తనిఖీకి ఇద్దరొచ్చారు. వాళ్ళలో పెద్దావిడ జాబితా చేతిలోకి తీసుకుంది, చదువుతూ చదువుతూ ఆగిపోయింది.

“Po వంద గ్రాములని రాశారు. మీ దగ్గర పొలోనియం వంద గ్రాములుందా?”

అల్లుడుగారు ఛాతీ విరిచాడు. “మా ల్యాబులో అన్నీ ఉంటాయండి.”

“ప్రపంచమంతా కలిపి ఏడాదికి అంత తయారైతే గొప్ప. రేడియోధార్మికం. కంటికి కనపడనంత ఒంట్లోకి పోయినా మనిషి బతకడు. మీరు బీరువాలో పెట్టారా?” అని ఆవిడ ఇంకో వరుస చూసింది. “Ir, అంత అరుదైన ఇరిడియం నాలుగు కిలోలు! Co, కోబాల్ట్ రెండు కిలోలు. ఈ Le అనేది ఏ మూలకమండీ? మేం చదువుకున్నప్పుడు లేదే.”

రెండో ఆయన అప్పటికే నోటికి రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. అల్లుడుగారి మొహం మాడిపోయింది. వెంటనే వేలు సీసాలమ్మ మీదికి తిరిగింది. “ఈ చదువులేని మనిషి చేసిన పనండి!”

సీసాలమ్మ బీరువా తలుపు బార్లా తెరిచింది. పెద్దావిడ ఉత్తర్వు చదివింది, రెండు సంతకాలూ చూసింది.

“అసలు గుర్తులేంటో నీకు తెలుసా అమ్మా?”

సీసాలమ్మ చెప్పింది. నేట్రియం, కేలియం, ఫెర్రం, ప్లంబం, క్యుప్రం. ఏది ఎందుకొచ్చిందో మాస్టారు చెప్పినట్టే చెప్పింది.

“అన్నీ లాటినేనా?”

“టంగ్‌స్టన్ కాదండీ. దాని W వుల్‌ఫ్రమ్ నుంచి వచ్చింది. అది జర్మన్ వాళ్ళ మాట.”

పెద్దావిడ కలం తీసి నివేదికలో చాలాసేపు రాసింది. ఏం రాసిందో గాని, వాళ్ళు గేటు దాటక ముందే అల్లుడుగారు ల్యాబులోకి పరిగెత్తుకొచ్చాడు. మెమో ఇమ్మన్నాడు, చింపేస్తానన్నాడు.

“చింపితే కుదరదు సారూ. తప్పు నాది కాదని దాని కిందే రాసి సంతకం పెట్టండి.”

రాశాడు. ఆవిడ చదువుకుని, మడిచి, సంచిలో పెట్టుకుంది.

పాత చీటీలు మళ్ళీ అంటించే పని కెమిస్ట్రీ సారు మీద పడింది. ఒక్కొక్క సీసా తుడుస్తూ, గది ఖాళీ అయ్యేదాకా ఆగి, ఆవిడ దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు.

“ఏమీ అనుకోకమ్మా. నాకు మొదటిరోజే తెలుసు, నువ్వు రాసిందే సరైందని.”

సీసాలమ్మ జిగురు డబ్బా ఆయన ముందుకు తోసింది.

“ఆయనకి తెలీదు సారూ, అందుకని నవ్వొచ్చింది. మీకు తెలుసు. అందుకే మిమ్మల్ని చూస్తే అసహ్యం.”