ఏడుసార్లు ‘మాట్లాడిన, ఓకే’

వీరభద్రానికి యాభై ఒకటో ఏడు నడుస్తోంది. మిల్లులకూ గోదాములకూ పైకప్పుల మీద సోలార్ పలకలు బిగించే ఒక చిన్న సంస్థలో అమ్మకాల పని చేస్తాడు. ఆఫీసు హనుమకొండ నక్కలగుట్టలో ఉంది. అంతకు ముందు పద్దెనిమిదేళ్లు మరొక కంపెనీ తరఫున వ్యవసాయ మోటార్లు అమ్మాడు. ఆ కంపెనీ వాళ్లు ఒకనాడు కొనుగోలుదారుల వివరాలన్నీ రాసి ఇవ్వమన్నారు. అతను రెండు వందల పన్నెండు పేర్లు, ఊళ్లతో, ఫోను నంబర్లతో సహా రాసి ఇచ్చాడు. నలభై ఒకటో రోజున, ఇక రానవసరం లేదన్నారు. ఈ రెండింటికీ సంబంధం ఉందని చూపే ఆధారం అతని దగ్గర లేదు. సంబంధం లేదని నమ్మడానికి కారణమూ కనిపించలేదు.

అందువల్ల, కొత్త సంస్థ యజమాని రాంప్రసాద్ కిందటి సెప్టెంబరులో సీఆర్ఎం అనే సాఫ్ట్‌వేర్ తెచ్చి అందరి ఫోన్లలోనూ పెట్టించినప్పుడు, వీరభద్రం దాన్ని పాత పట్టికకు కొత్త పేరుగానే చూశాడు. అందులో ప్రతి కొనుగోలుదారుకూ ఒక పేజీ ఉంటుంది. ఎవరు ఎప్పుడు ఫోన్ చేశారు, అవతలి మనిషి ఏమన్నాడు, తర్వాత చేయవలసింది ఏమిటి, ఏ తేదీకి అనేవి ఆ పేజీలో నమోదు చేయాలి. పెట్టిన తేదీన అది గుర్తు చేస్తుంది. పద్నాలుగు రోజులు ఏ కదలికా లేని బేరాన్ని ‘నిలిచిపోయినవి’ అనే ఎర్ర జాబితాలోకి చేరుస్తుంది. ఆ జాబితాను రోజూ ఉదయం చూసి, ఒక్కో బేరాన్నీ కదిలించడం వినోద పని. ఆమెకు ఇరవై ఏడేళ్లు, బీఎస్సీ చదివింది.

వీరభద్రం అసలు విషయాలన్నీ చొక్కా జేబులోని డైరీలో రాసుకునేవాడు. సీఆర్ఎంలో మాత్రం ప్రతిసారీ ‘మాట్లాడిన, ఓకే’ అని రాసేవాడు. తర్వాతి పని గడి ఖాళీగా ఉంటే నమోదు కాదు కనుక అందులో ‘రేపు ఫోన్’ అని పెట్టేవాడు.

“వీరన్నా, ఏనుమాముల కోల్డ్ స్టోరేజ్ సేటుతోని ఏడుసార్లు మాట్లాడినవ్, ఏడుసార్లు ఓకేనే. ఆయనకు ఒక్కనాడన్న కోపం రాదా?” అని అడిగింది వినోద, జనవరి పంతొమ్మిదిన.

“మంచోడు బిడ్డా.”

“ఏమన్నడో జర రాయరాదు అన్నా.”

“అంతా నీకు రాసిచ్చినంక నాతోని ఏం పని ఉంటది?”

“నీ సేట్లను నేనేం జేసుకుంట అన్నా. మిరపకాయ ఘాటుకు ఆ రోడ్డు మీదికెళ్లి పోతేనే నాకు తుమ్ములొస్తయి.”

ఆమె నవ్వింది. అతను నవ్వలేదు.

ఆ కోల్డ్ స్టోరేజ్ హరికృష్ణది. ఏనుమాముల మార్కెట్ దగ్గర మిరప నిల్వ చేసే గోదాము. నూరు కిలోవాట్ల ప్లాంటు, అంటే అయిదు వందల నలభై వాట్ల పలకలు నూట ఎనభై అయిదు. ఆ ఏడాది సంస్థ చేతిలో ఉన్న బేరాలలో అదే పెద్దది. అది కుదరకపోతే మార్చి నుంచి అమ్మకాల పనికి వీరభద్రం, వినోద ఇద్దరూ అవసరమా అని ఆలోచించవలసి వస్తుందని రాంప్రసాద్ చెప్పి ఉన్నాడు. ఇద్దరిలో వయసు మళ్లినవాడు వీరభద్రం.

జనవరి పన్నెండున హరికృష్ణ చెప్పిన మాటలు డైరీలో ఒకటిన్నర పేజీ ఉన్నాయి. మూఢంలో కొత్త పని మొదలుపెట్టడు, ఫిబ్రవరి పదిహేడున మూఢం వెళ్లాక మాట్లాడాలి. ఉదయం మార్కెట్లో జెండా పాట నడుస్తుంది, అంటే ఆనాటి సరుకుకు ధర పలికే వేలం, కాబట్టి అప్పుడు ఫోన్ చేయకూడదు, సాయంత్రం నాలుగు తర్వాతే. కప్పు తూర్పు వాలులో రెండు వేల తొమ్మిదిలో వేసిన రేకులు పద్నాలుగు తుప్పు పట్టాయి, పలకలు ఎక్కించే ముందే వాటిని మార్చాలి, మేస్త్రిని సంస్థే పంపాలి. కొటేషన్ కవరులో చేతికే ఇవ్వాలి. వాట్సాప్‌లో పంపకూడదు, పగలంతా ఫోన్ గుమాస్తా దగ్గర ఉంటుంది. కవరు అతను అలాగే ఇచ్చి వచ్చాడు గాని, వీటిలో ఒక్కటీ సీఆర్ఎంలోకి పోలేదు.

జనవరి ఇరవై తొమ్మిదిన వీరభద్రానికి కడుపునొప్పి వచ్చింది. దవాఖానలో అపెండిక్స్ తీసివేశారు. ఫోన్ భార్య సంచిలో, డైరీ విడిచిన చొక్కాలో ఉండిపోయాయి. ఫిబ్రవరి పదవ తేదీ ఉదయం ఆఫీసుకు బయలుదేరుతుండగా హరికృష్ణ ఫోన్ చేశాడు.

“వీరన్నా, పాణం ఎట్లున్నది?”

“మంచిగనే ఉన్న సేటూ.”

“ఇంకో కంపెనీ ఆయన వచ్చిండు. నూట ఎనభై అయిదు పలకలే రాసిండు. పడమర దిక్కు మూడడుగుల దారి విడిచిండు, అచ్చం నీ లెక్కనే. నీ కాయితం ముంగట పెట్టుకొని రాసినట్టున్నది. రేటొక్కటి జర తక్కువ.”

“ఆయన మీ కప్పు ఎక్కి కొలిచిండా సేటూ?”

“నిచ్చెన ముట్టలే. నీ కవరు నా బీరువల భద్రంగున్నది. మరి యాడికెళ్లి పోయిందో మీ ఆఫీసుల అడుగు. మీ మీద ఇంకెట్ల నమ్మకం పెట్టుకోవాలె?”

వీరభద్రం నేరుగా రాంప్రసాద్ గదిలోకి వెళ్లాడు. కుట్ల నొప్పికి కూర్చోలేక నిలబడే, హరికృష్ణ ఫోన్‌లో అన్నదంతా చెప్పాడు.

“సార్, మన ఆఫీసుల ఎలుకున్నది. ఆ కాయితం రెండే జాగలల్ల ఉన్నది. ఒకటి సేటు బీరువ, ఇంకోటి వినోద కంప్యూటరు.”

“అన్నా, పేరు తీసి మాట్లాడుతున్నవ్. జర ఆలోచించు.”

“పన్నెండు దినాలు మంచంల పడి ఆలోచించిన సార్.”

“ఫోనొచ్చింది ఇయ్యాల్నే కదనే,” అని రాంప్రసాద్ వినోదను పిలిచాడు. ఆమె విషయమంతా వింది. ల్యాప్‌టాప్‌ను ఇద్దరి వైపూ తిప్పి, ఆ బేరం పేజీ తెరిచింది. “నేనేం జేసిన్నో అంతా ఈడనే ఉన్నది సార్. చదువుకోన్రి.”

పేజీ అడుగున వీరభద్రం నమోదులు ఏడు ఉన్నాయి. చివరిది జనవరి పంతొమ్మిది నాటిది. తర్వాతి పని, జనవరి ఇరవై, ‘రేపు ఫోన్’. ఫిబ్రవరి మూడుకు ఆ తేదీ దాటి పద్నాలుగు రోజులయ్యాయి. ఆ పైన వినోద నమోదు ఇలా ఉంది. ‘ఫిబ్రవరి 3, ఉ. 11.20. ఎర్ర జాబితాలోకి రావడంతో ఫోన్ చేశాను. ఎత్తింది హరికృష్ణ గారు కాదు, గుమాస్తా. సేటు జెండా పాట దగ్గర ఉన్నారన్నారు. కొటేషన్ కనిపించడం లేదు, వాట్సాప్‌లో పంపమన్నారు. 11.34కు పంపాను. తర్వాతి పని: 6వ తేదీ సాయంత్రం 4కు హరికృష్ణ గారితోనే మాట్లాడి, చేరిందో లేదో కనుక్కోవాలి.’ దాని పైన ఆరవ తేదీది. ‘వీరభద్రం గారు వచ్చాక ఆయనతోనే మాట్లాడతానన్నారు. చేరిన సంగతి అడిగేలోగా పెట్టేశారు.’

వీరభద్రం రెండుసార్లు చదివాడు. గుమాస్తా అనే మాట దగ్గర అతని వేలు ఆగింది. కాసేపటికి జేబులోంచి డైరీ తీసి, జనవరి పన్నెండు పేజీ తెరిచి బల్ల మీద పెట్టాడు. పెట్టకుండా ఉండవచ్చు. ఆ పేజీ గురించి అతనికి తప్ప ఎవరికీ తెలియదు.

వినోద వంగి చదివింది. “కవరు చేతికే. వాట్సాప్ వద్దు. ఫోన్ గుమాస్తా దగ్గర.” తల ఎత్తి అతన్ని చూసింది. “ఈ ముక్క ఈ పేజీల ఉంటే నేను పంపుదునా అన్నా? పదకొండు గంటలకు ఫోనన్న చేద్దునా?”

వీరభద్రం డైరీని ఆమె వైపు జరిపాడు.

“ఎలుక సంగతి తర్వాత,” అన్నాడు రాంప్రసాద్, “తలుపైతే మనమే తీసి పెట్టినం.”

గుమాస్తాయే ఆ కాగితాన్ని బయటికి పంపాడనడానికి ఈనాటికీ రుజువు లేదు. 11.34కు ఆ ఫోన్ ఎవరి చేతిలో ఉందన్నది మాత్రం తేలింది.

ఆ మధ్యాహ్నం వీరభద్రం వినోద పక్కన కుర్చీ వేసుకున్నాడు.

“నేను రాసింది రేపు ఇంకొకలు మారిస్తే?”

“ఎవలు మార్చిన్రో, ఏ టైంకు మార్చిన్రో కనబడతది.”

“నా సేటును ఇంకొకల పేరు మీదికి మలిపితే?”

“అదీ కనబడతది. ముందు ఎవల పేరున్నది, ఎవలు మలిపిన్రు, అంతా.”

“తీసేస్తే?”

“తీసేసే అధికారం సార్ ఒక్కనికే ఉన్నది. నాకు లేదు, నీకు లేదు. ఇంకేమన్న అనుమానమున్నదా అన్నా, లేకుంటే పోలీస్ స్టేషన్ల రాసియ్యాల్నా?”

“ఉన్నది. తర్వాత అడుగుత.”

ఒంటి వేలితో కొట్టుకుంటూ, ఒకటిన్నర పేజీ ఎక్కించడానికి నలభై ఏడు నిమిషాలు పట్టింది. తర్వాతి పని గడిలో ‘రేపు ఫోన్’ అని సగం కొట్టి చెరిపాడు. ‘ఫిబ్రవరి 18, సా. 4.10, స్వయంగా వెళ్లాలి’ అని రాశాడు. క్షమించమని అతను అనలేదు. ఆమె కూడా ఆ మాట కోసం ఎదురుచూసినట్టు కనిపించలేదు.

పద్దెనిమిదిన నాలుగు గంటల పది నిమిషాలకు అతను హరికృష్ణ ఎదుట కూర్చున్నాడు. గోదాము ఆఫీసులో పంఖా తిరుగుతున్నా మిరప ఘాటు పోలేదు. బల్ల మీద రెండు కొటేషన్లు పక్కపక్కన ఉన్నాయి. గుమాస్తా లేడు. ఫోన్ హరికృష్ణ చేతిలోనే ఉంది.

మార్కెట్ వ్యాపారులకు ఒక పద్ధతి ఉంది. ఒకే మాటను ఒకే కొట్టు మనుషులిద్దరిని విడివిడిగా అడుగుతారు. జవాబులు కలిస్తేనే తూకం మొదలవుతుంది.

“మీ ఆఫీసుకు ఫోన్ చేస్త,” అన్నాడు హరికృష్ణ. “నువ్వు నోరు మెదపకు వీరన్నా.”

స్పీకరు పెట్టాడు. రెండో మోతకు వినోద ఎత్తింది.

“అమ్మా, నేను కోల్డ్ స్టోరేజ్ హరికృష్ణను. మా కప్పు సంగతి మీ వీరభద్రంతోని ఏమనుకున్నం? ఆయన లేడు, నువ్వు చెప్పు.”

“ఒక్క నిమిషం సార్.”

వీరభద్రం గోడ గడియారం వైపు చూశాడు. ‘మాట్లాడిన, ఓకే’ అని ఉన్న ఏడు వరుసలు ఆ పేజీలో ఇంకా అలాగే ఉన్నాయి. ఆమె వాటి దగ్గర ఆగితే చదవడానికి ఏమీ ఉండదు.

“తూర్పు వాలుల పద్నాలుగు రేకులు తుప్పు పట్టినయి సార్, 2009ల ఏసినయి. ముందుగాల అవి మార్చాలె, ఆ తర్వాతనే పలకలు. మేస్త్రిని మేమే పంపుతమన్నం. మూఢం పోయినంకనే పని.”

“మరి రేటెంత?”

“అది ఫోన్ల చెప్పద్దని రాసున్నది సార్. కవరుల, మీ చేతికే.”

హరికృష్ణ ఫోన్ పెట్టేశాడు. కొంతసేపు రెండు కాగితాలనూ మార్చి మార్చి చూశాడు.

“ఇగో ఈయన తక్కువకు రాసిండు,” అన్నాడు. “పలకలు, దారి, అన్నీ నీయే దించిండు. రేకుల ముచ్చట నీ కాయితం మీద లేదు, గందుకే ఈయన కాయితం మీద కూడ లేదు. తుప్పు రేకుల మీద ఎక్కించి పోతుండె.”

“రేటు సంగతి మా సార్‌ను అడుగుత సేటూ.”

“అడుగు. జర తగ్గియ్యమను. తగ్గియ్యకున్న పని నీకే. కాని నా ఫోన్‌కు ఒక్క కాయితం రావద్దు.”

“రాదు.”

“గిప్పుడన్నవ్. రేపు నీకు మళ్ల కడుపునొస్తే?”

వీరభద్రం ఫోన్ తీసి కొట్టడం మొదలుపెట్టాడు. హరికృష్ణ అనుమానంగా ముందుకు వంగాడు.

“ఏం రాస్తున్నవ్? నా ముంగట రాసేది నాకు సూపియ్యి.”

వీరభద్రం తెరను అతని వైపు తిప్పాడు. ‘ఆర్డర్ ఒప్పుకున్నారు. రేటు విషయం రాంప్రసాద్ సార్‌ను అడగాలి. తర్వాతి పని: ఫిబ్రవరి 20, ఉ. 7.30, రేకుల మేస్త్రితో వచ్చి కొలతలు తీయాలి.’

హరికృష్ణ కళ్లజోడు సవరించుకుని మొత్తం చదివాడు.

“ఏడున్నర వద్దు, ఏడు రాయి. ఎనిమిదికి బండ్లొస్తయి.”

వీరభద్రం ఏడు అని దిద్ది, నమోదు చేశాడు.