రాతిలో దిగిన పాదం

ఊరంతా ఐటీ ఐటీ అని ఊగిపోతున్న రోజులవి. పద్మారావు నగర్‌లో ఒక మిఠాయి కొట్టు పైన మా ఆఫీసు. పరాయి దేశాల వీడియో గేములకు మనుషుల బొమ్మలు చేసి పంపేవాళ్ళం. నేను పదో తరగతితో ఆగిపోయి, పాతికేళ్ళు సినిమా హోర్డింగులు గీసినవాణ్ణి. ఆ పని పోయాక ఫుట్‌పాత్ మీద కొన్న పాత పుస్తకాలతో కంప్యూటర్ నేర్చుకున్నాను. నాకెవరూ నేర్పలేదు. గొప్పకు చెప్పడం లేదు. ఆ మాట అన్నప్పుడల్లా నాకిప్పటికీ కోపమే వస్తుంది.

చివరి గదిలో నేనూ, విజయనగరం నుంచి వచ్చిన ఒక అమ్మాయీ కూర్చునేవాళ్ళం. గేములో సైనికుడు గుట్ట మీద ఆగితే ఎలా నిలబడాలి, మెట్టు మీద ఎడమ కాలు పైనుంటే నడుము ఎటు వాలాలి, అన్నీ చేత్తో అమర్చడమే మా పని. ప్రతి రకం నేలకూ ఒక భంగిమ. టేబుల్ కింద ఒక ఇటుక పెట్టుకున్నాం. దాని మీద ఒక కాలు పెట్టి నిలబడి, మోకాలు ఎంత వంగిందో చూసుకునేవాళ్ళం. ఆ అమ్మాయి కాల్ సెంటర్‌లో రాత్రి డ్యూటీలు చేసి, చంటిబిడ్డను చూసుకోలేక ఇక్కడికొచ్చింది. నన్ను బాబాయ్ అనేది.

ఒక సోమవారం ఓనరు మా గది గుమ్మంలో నిలబడి చెప్పాడు. ‘‘కాళ్ళు నేలను వాటంతటవే వెతుక్కునేలా ప్రోగ్రాం రాయిస్తున్నాం. శుక్రవారానికి గుట్ట మీద సరిగ్గా నిలబడితే ఈ భంగిమల పని ఉండదు. లేకుంటే పాత పద్ధతే.’’

ఆయన వెళ్ళాక ఆ అమ్మాయి మౌస్ వదిలేసింది. ‘‘ఏటి బాబాయ్, మన గది అయిపోయినట్టేనా?’’

‘‘నిలబడితే కదా’’ అన్నాను.

ప్రోగ్రాం రాసేవాడు బోయిన్‌పల్లి కుర్రాడు, ఇంజనీరు. పద్ధతి తెలివైనదే. ప్రతి పాదం నుంచీ కిందికి ఒక కనబడని గీత వదులుతారు. అది నేలను ఎక్కడ తాకితే అక్కడికి మడమను చేరుస్తారు. తుంటికీ మడమకూ ఉన్న దూరాన్ని బట్టి మోకాలు ఎంత వంగాలో లెక్క తేలుతుంది. పల్లంలో ఉన్న కాలికి నేల అందకపోతే నడుమును కిందికి దించుతారు. నేల వాలును బట్టి అరికాలు తిరుగుతుంది. మేము ఇటుక మీద చేసిందే, లెక్కల్లో.

బుధవారం నాటికి మెట్లు దిగేటప్పుడు బొమ్మ చక్కగా ఆగుతోంది. గుట్ట ఎక్కిస్తే మాత్రం, పైకి పెట్టిన కాలు పిక్క దాకా రాతిలోకి దిగిపోతోంది. ముఖంలో ఏ బాధా లేకుండా, సగం కాలు బండలో ఉంచుకుని ముందుకు చూస్తూ నిలబడేది. గురువారం కూడా అంతే. మా గదిలో ఆ అమ్మాయి టిఫిన్ డబ్బాలోంచి రెండు అరిసెలు తీసి నాకిచ్చింది.

తప్పెక్కడుందో నాకు బుధవారమే తెలిసిపోయింది. గీత మడమ దగ్గర మొదలవుతోంది. ఎగువన నేల ఎత్తుగా ఉంటుంది కనుక ఆ మడమ అప్పటికే బండ లోపల ఉంది. ఆ గీతకు రాతి పైభాగం బయటినుంచే కనిపిస్తుంది. లోపల పుట్టి కిందికి పోతే దానికేమీ తగలదు. తగలకపోతే కాలిని ఉన్నచోటే వదిలేస్తారు. ఆ కుర్రాడు మెట్ల మీద ఎప్పుడూ పైనుంచి కిందికే పరీక్షించుకున్నాడు, అందుకే అక్కడ ఈ తప్పు బయటపడలేదు.

శుక్రవారం పొద్దున ఓనరు వచ్చి అతని వెనక నిలబడ్డాడు. బొమ్మ మళ్ళీ దిగబడింది. నేను తలుపు దగ్గర ఉన్నాను. నోరు మూసుకుంటే చాలు.

‘‘ఏంది అంకుల్, గట్ల చూస్తున్నవ్?’’ అన్నాడు కుర్రాడు, పరేషాన్‌లో ఉన్నాడు. ‘‘ఇది హోర్డింగు కాదు. దీనికి చదువుండాలె. పోయి ఇటుకతోని ఆడుకోరాదు!’’

ఓనరు నవ్వాడు. ఆ నవ్వు నా చెవిలో పడింది.

‘‘మడమ దగ్గర కాదు, మోకాలు ఎత్తు నుంచి వదులు’’ అన్నాను. ‘‘లోపల పుట్టిన గీతకు నేలెట్లా దొరుకుతుందిరా, చదువుకున్నోడా?’’

అతను ఒక అంకె మార్చాడు. బొమ్మను గుట్ట ఎక్కించాడు. పైకాలు మెల్లగా బండ మీదికి లేచింది. మోకాలు వంగింది. నడుము కాస్త దిగి, అరికాలు వాలుకు అతుక్కుని ఆగింది. మనిషి నిలబడినట్టే నిలబడింది. నేను పాతికేళ్ళలో గీసిన ఏ బొమ్మా అంత బాగా నిలబడలేదు.

ఓనరు నా భుజం తట్టాడు. ‘‘నువ్వు ఇతనితో కూర్చో. ఆ గది ఖాళీ చేయిద్దాం.’’

వెనక్కి తిరిగితే గుమ్మంలో ఆ అమ్మాయి. ఎంతసేపటి నుంచి ఉందో తెలియదు.

‘‘నువ్వే సెప్పినావా బాబాయ్?’’

అవునన్నట్టు తలూపాను.

నెలాఖరున డబ్బా, చెప్పులు సర్దుకుని వెళ్ళింది. మళ్ళీ రాత్రి డ్యూటీలేనని తర్వాత ఎవరో అన్నారు. గది ఖాళీ చేయించేటప్పుడు టేబుల్ జరిపితే కింద ఇటుక ఉంది. ఆమె నిలబడేచోట పైన నున్నగా అరిగిపోయి ఉంది. దాన్ని ఎవరో మెట్ల దగ్గర తలుపుకు అడ్డం పెట్టారు. నేను అక్కడ పనిచేసినన్నాళ్ళూ దాన్ని దాటుకునే లోపలికి వెళ్ళాను.