అక్క వెళ్లని లైన్లు

నాకు కోపం తొందరగా వస్తుంది. తప్పు ఒప్పుకోవడానికి మాత్రం నెలలు పడుతుంది. ముందే చెప్పేస్తున్నాను, తర్వాత నన్ను మంచిదాన్ననుకోకండి.

గోదావరిఖనిలో ఓ పెద్ద కిరాణా దుకాణంలో పనిచేస్తాను. ఫోన్‌లో యాప్ తెరిచి సరుకులు రాస్తే ఇంటికి పంపుతారు. స్టాటిస్టిక్స్‌లో ఎమ్మెస్సీ చదివానని యజమాని నన్ను పై అంతస్తులో కంప్యూటర్ ముందు కూర్చోబెట్టాడు. అందరికీ ఆయన 'అన్న'. నా పని అమ్మకాల లెక్కలు చూసి ఏది పనిచేస్తోందో చెప్పడం.

రెండేళ్ల కింద అన్న ఒక కూపన్ కోడ్ పెట్టాడు. పదిహేను వందలు దాటిన ఆర్డరుకు వంద రూపాయలు తగ్గింపు. కోడ్ చీటీలు పంచడానికి ఒక అక్కను పెట్టాడు. ఆమె గని కార్మికుల క్వార్టర్లలో లైను లైనూ, అంటే ఇళ్ల వరస వరసా తిరిగి, గడపలో కూర్చుని, ఆడవాళ్ల ఫోన్లలో యాప్ వేసి, ఎట్లా వాడాలో నేర్పేది. కోడ్ వాడిన ప్రతి ఆర్డరుకూ ఆమెకు ఇరవై రూపాయలు. జీతమంటూ వేరే లేదు.

చీటీలు ఎప్పుడు పంచాలన్నది కూడా అన్నే తేల్చాడు. "జీతాలు పడ్డ మర్నాడు పంచాలె. అప్పుడే చేతుల పైసలుంటయి" అన్నాడు. నేనూ తల ఊపాను. ఈ ఊళ్లో పుట్టినవాళ్లెవరైనా అట్లాగే తల ఊపుతారు. మేం పొరబడింది అక్కడే.

మూడు నెలల తర్వాత నివేదిక రాశాను. కోడ్ వాడిన ఇళ్లు, వాడని ఇళ్లకంటే దాదాపు రెట్టింపు కొంటున్నాయి! ఎర్ర గీతా నీలం గీతా గీసి అన్న ముందు పెట్టాను. "శెభాష్ చెల్లె!" అన్నాడు. అక్కకిచ్చే ఇరవైని ముప్పై చేశాడు. ఆ నెలలోనే అక్క వాయిదాల మీద స్కూటీ కొంది. మిఠాయి పొట్లం పట్టుకుని పైకొచ్చి, "నీ పుణ్యమే చెల్లె, కాళ్లకు జర ఆసర దొరికె" అంది. నేను గొప్పగా రెండు లడ్డూలు తిన్నాను.

తర్వాత ఒక ఆదివారం మా అమ్మ వంటింట్లో సరుకులు సర్దుతోంది. నాన్న ఇంకా గనిలో డ్యూటీ చేస్తున్నాడు, మాదీ క్వార్టరే. కోడ్ భలే పనిచేస్తోందని నేను డబ్బా కొడుతుంటే అమ్మ పప్పు డబ్బా మూత పెడుతూ అంది: "జీతం పడ్డంక సరుకులు తేకుంటె ఏం తింటమే? నీ కోడ్ లేకున్నా తెస్తుంటిమి. వంద తక్కువైతె మంచిదే, ఎవలొద్దంటరు?"

ముందు ఒళ్లు మండింది. ఎమ్మెస్సీ చదివిన నాకు నువ్వు చెప్తావా అనుకున్నాను. కానీ సోమవారం పాత బిల్లులు తీశాను. కోడ్ వాడిన ఇళ్లలో చాలావరకు, కోడ్ పుట్టకముందు నెలల్లోనూ అదే వారంలో ఇంచుమించు అంతే కొన్నాయి. పెద్ద బుట్ట నింపే ఇల్లే కోడ్ వాడుతుంది. చిన్న ఆర్డరుకు అసలు కోడ్ పడదు. నేనేమో కోడ్ వల్లే బుట్ట పెద్దదైందని రాశాను. సిగ్గుతో చచ్చిపోయాననుకోండి.

అన్నకంటే ముందు అక్కకే చెప్పాను. స్కూటీ స్టాండు వేసి మొత్తం వింది.

"అంటె, నేను పోకున్నా కొనేటోళ్లేనా?"

"తెల్వదు అక్క. చూడాలె."

"ఎట్ల చూస్తవ్?"

"కొన్ని ఇండ్లకు నువ్వు పోవద్దు. పోయిన ఇండ్లు, పోని ఇండ్లు పక్కపక్కన పెట్టి చూడాలె."

"పోకుంటె నా పైసలు?"

స్కూటీ తాళం తిప్పుతూ ఆమే అంది: "చూడు. అబద్ధం మీద ఎన్ని దినాలు తిరుగుత?"

మొదటి నెల ఇళ్ల నంబర్లతో లాటరీ చీటీలు తీసి సగం ఇళ్లకు కోడ్ ఇచ్చాం, సగం ఇళ్లకు ఇవ్వలేదు. మొత్తం పాడైంది. మా లైన్లలో ఒక ఇంట్లో చేపల పులుసు కాగితే నాలుగిళ్లకు గిన్నెలు పోతాయి, కోడ్ ఆగుతుందా? ఇవ్వని ఇళ్లు కూడా హాయిగా వాడేశాయి. కోపంతో మౌస్ విసిరికొట్టాను, దాని ఖరీదు నా జీతంలో పట్టారు.

రెండో నెల ఇళ్లను వదిలి లైన్లకు లైన్లనే పంచాం. నలభై లైన్ల పేర్లు చీటీల మీద రాసి డబ్బాలో కలిపి తీశాం. ఇరవై లైన్లకు అక్క వెళ్లాలి, ఇరవై లైన్లకు వెళ్లకూడదు. వెళ్లిన లైన్లలోని ఫోన్ నంబర్లకు తప్ప కోడ్ పనిచేయకుండా యాప్‌లో కట్టేశాం. ఈసారి కోడ్ వాడినవాళ్లను ఏరి చూడలేదు. లైన్లో వాడినవాళ్లూ వాడనివాళ్లూ అందరూ కలిసి ఇంటికి సగటున ఎంత కొన్నారో, అదొక్కటే చూశాను.

ఒక నెల కాకతాళీయం కావచ్చని రెండు నెలలు నడిపాం. రెండు గుంపులూ దాదాపు సమానం. వెళ్లిన లైన్లలో కాస్త ఎక్కువే, కానీ ఆ కాస్త మీద వచ్చే లాభం, అందరికీ పంచిన వందల ముందు ఏ మూలకూ సరిపోదు.

అన్న కాగితం చూసి ఒక్క మాటే అన్నాడు: "కోడ్ బంద్. అక్కను గూడ బంద్ చెయ్యి."

"అక్కనెట్ల బంద్ చేస్తవన్నా?" అని గట్టిగానే అరిచాను. "తప్పుడు రిపోర్టు రాసింది నేను. జీతాల వారంల పంపమన్నది నువ్వు. ఆ వారంల ఎవరు పోయినా పోకున్నా కొంటరు. నెలాఖరుల, మనదగ్గర కొనుడు బంద్ చేసిన ఇండ్లకు పంపి చూడు. కోడ్ లేకుంట, ఉత్త మాటతోని."

అన్న చాలాసేపు గొణిగి రెండు నెలలిచ్చాడు. మళ్లీ చీటీలు తీశాం. కొనడం మానేసిన ఇళ్లున్న లైన్లలో సగానికే అక్క వెళ్లింది. నెలాఖరున కొన్నవాళ్లు వచ్చే జీతం మీద కొనాల్సినవే ముందుగా కొనేశారేమోనని తర్వాతి నెల బిల్లులూ చూశాను. తగ్గలేదు. వెళ్లని లైన్లకంటే వెళ్లిన లైన్లలో నిజంగానే అదనంగా అమ్ముడైంది. మస్తుగా కాదు. ఒక మనిషికి చిన్న జీతం ఇచ్చేంత.

అన్న అదే ఇచ్చాడు. ముప్పై రూపాయల లెక్క పోయింది. కొత్త జీతంలో వాయిదా కట్టలేక అక్క స్కూటీని వాయిదాలతో సహా తన తమ్ముడికి అప్పజెప్పింది.

మొన్న నెలాఖరున ఎండలో నడిచి పైకొచ్చింది. నేను నీళ్లిచ్చి, చెప్పాలనుకున్న 'తప్పైంది అక్క' అన్న మాట ఎట్లాగో బయటికి తెచ్చాను.

"నీ లెక్క తప్పైనప్పుడు స్కూటీ వచ్చె, సరైనప్పుడు పాయె" అని నవ్వింది. నవ్వింది గానీ నా వైపు చూడలేదు. గ్లాసు బల్ల మీద పెట్టి చెయ్యి చాచింది. "తే, గీ నెల ఏ ఇండ్లకు పోవద్దో రాసియ్యి. ఎట్లయినా కొనేటోళ్ల ఇంటికి నడిచెటందుకు నా కాళ్లల్ల బలం లేదు."

కాగితం తీసి మొదట మా అమ్మ ఇంటి నంబరే రాశాను.