దేవదాసు ఊదనన్న గొట్టం

మానవపాడు దేవదాసు డంపర్‌ను వెనక్కి నడుపుతుంటే చూడాలి. తొంభై ఒకటో సంవత్సరం. గద్వాల దగ్గర కృష్ణ మీద ఆనకట్ట కడుతున్న రోజులవి. బండి నిండా బండరాళ్లు వేసుకుని, కట్ట అంచుదాకా వెనక్కి వచ్చి ఆపేవాడు. టైరుకూ అంచుకూ మధ్య కోడిపిల్ల నిలబడేంత జాగా మిగిలేది. ఒకసారి నిజంగానే ఒక కోడిపిల్ల అక్కడ నిలబడి తీరిగ్గా ఈకలు దువ్వుకుందని నేను చెబితే మా మనవళ్లు నవ్వుతారు. నవ్వనివ్వండి. కోడిపిల్ల సంగతి కాస్త పెంచి ఉంటాను. ఇకమీద చెప్పేదాన్ని పెంచాల్సిన పని లేదు. జరిగిందే చాలినంత సిగ్గుచేటు.

నేను ఆ కంపెనీలో స్టోర్‌కీపర్ని. కర్నూలు కాన్వెంటులో సిస్టర్లు బెత్తంతో నేర్పిన ఇంగ్లీషు నాకు ఉండేది. అందుకని డబ్బాల మీద రాతలు చదవడానికీ, మేనేజరు కోపాన్ని ఉత్తరాలుగా మార్చడానికీ నన్నే పిలిచేవారు.

డ్రైవర్ల నోళ్లు పరీక్షించాలన్న ఆలోచన కంపెనీకి డ్రైవర్ల వల్ల రాలేదు. ఒక ఆదివారం విందు ముగించుకుని వస్తూ ఇంజనీరుగారు తన జీపును సిమెంటు గోదాములోకి నడిపారు. జీపు బస్తాల మీదికి మేకలాగా ఎక్కి కూర్చుంది. ఆయన దిగలేక అక్కడే నిద్రపోయారు. దాని ఫలితంగా మరుసటి వారం నుంచి డ్రైవర్లందరూ ఊదాలని ఉత్తర్వు వచ్చింది. ఇంజనీర్ల పేరు అందులో లేదు.

పరీక్ష సామాను నా స్టోరుకే వచ్చింది. వేలంత పొడుగు గాజుగొట్టాలు, లోపల పసుపుపచ్చ పలుకులు. గొట్టం రెండు కొసలూ విరిచి, ఒక కొసకు నోటిముక్క, రెండో కొసకు సంచి తగిలిస్తారు. సంచి నిండేదాకా ఊదాలి. ఊపిరిలో మద్యం ఉంటే పలుకులు ఆకుపచ్చగా మారతాయి. ఆ రంగు మధ్యలో ఉన్న గీత దాటితే తాగినట్టు. ఒక మనిషికి ఒక గొట్టమని డబ్బా మీద ఎర్ర అక్షరాల్లో ఉంది. సేఫ్టీ సూపర్‌వైజరు రామచంద్రయ్యకు అది చదివి వినిపించాను.

"గట్లయితే వారంల డబ్బాలన్నీ ఖాళీ అయితయి," అన్నాడు. "రంగు గీత దాటేదాక అదే వాడుదం. పసుపుగ ఉన్నదాన్ని పారేస్తమా?"

సరే, ఒకే గొట్టం, ఒకే నోటిముక్క అయినప్పుడు ముందెవరు, వెనకెవరు అన్న పంచాయతీ వచ్చింది. అది ఎవరూ నోరు తెరవకుండానే తీరిపోయింది. దేవదాసునూ మాసయ్యనూ రామచంద్రయ్య చేత్తో చూపించి చివర నిలబెట్టాడు. ఇద్దరూ తమ తమ ఊళ్లలో మాదిగవాడ నుంచి వచ్చినవాళ్లు. ఒకరింట్లో సిలువ, ఒకరింట్లో ఎల్లమ్మ. లైన్లో మాత్రం తేడా లేదు. వాళ్ల నోరు తగిలిన ముక్కను మిగతావాళ్లు ముట్టరు. మిగతా అందరి నోళ్లూ తగిలిన ముక్కను వీళ్లు నోట్లో పెట్టుకోవాలి.

ఇప్పుడు జరిగింది చూడండి. మా డ్రైవర్లలో సగంమందికి సాయంత్రం కల్లు లేకపోతే అన్నం దిగదు. కొందరికి పొద్దున్నే ఇంకో ముంత. ఒక్కొక్కరి ఊపిరికీ గొట్టంలో రవ్వంత ఆకుపచ్చ ఎక్కేది, గీత దాకా రాదు. "పో," అనేవాడు రామచంద్రయ్య. తర్వాతివాడికి ఇంకో రవ్వ. అట్లా అందరి కల్లూ పోగుపడి, గీత పక్కకు వచ్చి కూర్చునేది. అప్పుడు వచ్చేది మాసయ్య వంతు.

మాసయ్య ఊదాడు. గీత దాటింది. వారం రోజుల జ్వరం నుంచి లేచి, గంజి తప్ప ఏదీ ముట్టని మనిషి. దినకూలీ కాబట్టి నోటీసూ లేదు, విచారణా లేదు, సాయంత్రానికల్లా గేటు బయట. ఆ వారమే బొంబాయి పోయే కూలీల లారీ ఎక్కాడు.

మాసయ్యను గేటు దాటించిన సాయంత్రమే దేవదాసు స్టోరుకు వచ్చాడు. "సారు, గా గొట్టం మాసయ్య నోట్లకు పోకముందే సగం పచ్చగున్నది. నా కండ్లతోని జూసిన. రేపు గా జాగల నేనుంట. నౌకరి వోతె ఏసమ్మకు ఏం జెప్పాలె?"

ఏసమ్మ ఆయన భార్య, కట్ట మీద మట్టి మోసేది. ఇన్నాళ్లూ దేశమంతా ఆనకట్టలు కట్టుకుంటూ తిరిగి, పర్మనెంటు కాగితం చేతికొచ్చాక మొదటిసారి పిల్లల్ని మానవపాడు బడిలో నిలకడగా ఉంచారు. ఆ నౌకరి పోతే మళ్లీ మూటాముల్లె సర్దుకోవాల్సిందే.

మర్నాడు పొద్దున తన వంతు రాగానే దేవదాసు చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

"ఊదు," అన్నాడు రామచంద్రయ్య.

"కొత్తది ఇయ్యుండ్రి, ఊదుత."

"నీకొక్కనికి కొత్తదా? పెండ్లికొడుకువా?"

"లేదంటె దవాఖానకు తోల్కపోండ్రి. రక్తం ఇస్త. వద్దంటలేను."

"నౌకరిల చేరినప్పుడు ఏ పరీక్షకైన ఒప్పుకుంటనని సంతకం పెట్టినవా లేదా?"

"పరీక్షకు పెట్టిన సార్. మంది ఎంగిలి నాకుతనని పెట్టలే."

లైన్లో ఎవరో కిసుక్కుమన్నారు. ముందువరసలో ఊది వెళ్లిన భీమన్న మాత్రం వెనక్కి తిరిగి, "ఏందిరా దేవదాసూ, తాగిన దొంగవు గాకుంటె ఊదెటందుకు ఏం రోగం?" అన్నాడు. అతని నోటినుంచి వచ్చిన పొద్దుటి కల్లు వాసనకు నా స్టోరు ముందు వేపకొమ్మ మీది కాకి తూలి పడబోయింది. ఈ కాకి విషయంలోనూ మీరు నన్ను నమ్మనక్కర్లేదు.

గంటలోపు సస్పెన్షన్ ఉత్తర్వు టైపయింది. 'మద్యం సేవించి విధులకు వచ్చి, పరీక్షకు నిరాకరించినందున' అని అందులో ఉంది. ఊదనివాడు తాగాడని వాళ్లకు ఎవరు చెప్పారు? ఊదలేదు కాబట్టి తాగాడు, తాగాడు కాబట్టి ఊదలేదు. గానుగెద్దు కూడా ఇంకాస్త దూరం నడుస్తుంది.

దేవదాసు నేరుగా గద్వాల సర్కారు దవాఖానకు పోయాడు. అక్కడి డాక్టరమ్మ మంచి మనిషి. రక్తం తీసి హైదరాబాదు ల్యాబుకు పంపాలంటే పోలీసులో కంపెనీయో రాసిన కాగితం కావాలంది. కంపెనీ రాసి పంపినా సరే, మనిషి ఒప్పుకుంటేనే సూది గుచ్చుతానంది. ఒప్పుకునే మనిషి ఎదురుగా ఉన్నాడు. రాయాల్సిన కంపెనీ రాయలేదు. చివరికి ఆమె నడిపించి, మాట్లాడించి, కళ్లు చూసి, నోటి వాసన లేదు, నడక నిలకడగా ఉంది అని రాసిచ్చింది. మేనేజరు దాన్ని చూసి, "ఇది మధ్యాహ్నం సంగతి. పొద్దుటిది దిగిపోయి ఉంటుంది," అన్నాడు.

విచారణాధికారిగా మహబూబ్‌నగర్ నుంచి ఒక వకీలును పిలిపించారు. ఆరోపణ ఎదుర్కొనే కార్మికుడు తన తరఫున తోటి ఉద్యోగిని పెట్టుకోవచ్చు. దేవదాసు నన్ను పెట్టుకున్నాడు. మేనేజరు నావైపు చూసిన చూపుకు స్టోరులోని మేకులు తుప్పుపట్టాయి.

నేను రామచంద్రయ్యను అడిగాను. "ఒకే గొట్టంలో అందరూ ఊదితే, చివరివాడి దగ్గర కనబడే రంగు ఎవరిది?"

"చివరోనిదే."

"ముందువాళ్లది ఏమైనట్టు?"

"గాలికి పోతది."

గాలికి పోతుందో లేదో చూద్దామన్నాను. వకీలుగారు సరదా మనిషి, చూద్దామన్నారు. సాక్షులుగా వచ్చిన భీమన్నతో, ఇంకో ముగ్గురు డ్రైవర్లతో వరసగా ఊదించాం. ఆకుపచ్చ పాక్కుంటూ గీత దగ్గరికి వచ్చి ఆగింది. గాలికి పోలేదు.

"సార్, తమరు జీవితంలో చుక్క ముట్టలేదని విన్నాను. ఇప్పుడు తమరు ఊదండి. గీత దాటుతుందో లేదో చూద్దాం," అన్నాను వకీలుగారితో.

ఆయన గొట్టం వైపు చూశారు. నోటిముక్క మీద నలుగురి ఉమ్మి తళతళలాడుతోంది. జేబురుమాలు తీసి మూతి తుడుచుకున్నారు. "ఛీఛీ. ఇదేమిటయ్యా, అందరి ఎంగిలీ! నేను ఊదను."

"రాసుకోండి. విచారణాధికారి పరీక్షకు నిరాకరించారు. కంపెనీ లెక్క ప్రకారం వారు తాగి ఉన్నారు."

గది నవ్వుతో ఊగిపోయింది. మేనేజరు లేచి కేకలేశాడు. దేవదాసు మాత్రం నవ్వలేదు. "అట్ల రాయకుండ్రి సారు. ఆయన తాగలేదని ఆయన మొఖం జూస్తె తెలుస్తలేదా? ఊదనన్న మనిషిని ఎందుకు ఊదనంటున్నవని ఒక్క మాట అడగాలె. నన్ను ఎవ్వరు అడగలే."

వకీలుగారి తల కాస్త వంగింది. ఆయన నివేదిక వచ్చింది. తాగినట్టు రుజువు కాలేదు. అయితే పై అధికారి ఆజ్ఞను ధిక్కరించినట్టు రుజువైంది. శిక్ష, ఉద్యోగం నుంచి తొలగింపు. తను పెట్టనన్న చోట నోరు పెట్టలేదని ఇంకో మనిషిని ఇంటికి పంపమన్నాడు ఆ పెద్దమనిషి! ముప్పై ఏళ్లయినా తలచుకుంటే నా నెత్తురు మరుగుతుంది.

లేబర్ ఆఫీసరు దగ్గరికి పోయాం. ఆయన రెండు పక్షాలనూ కూర్చోబెట్టాడు. ఆజ్ఞ న్యాయమైనదైతేనే కాదన్నవాడు ధిక్కరించినట్టు అవుతుందని, కోర్టుకు పోతే ఈ తొలగింపు నిలవడం కష్టమని మేనేజరుకు చెప్పాడు. వానలు దగ్గరపడుతున్నాయి. కట్ట అంచున బండి వెనక్కి నడిపేవాడు కంపెనీకి దొరకలేదు. అందుకని దిగొచ్చారు. క్షమాపణ రాసిస్తే తీసుకుంటామన్నారు.

"తప్పు చేస్తె రాస్త," అన్నాడు దేవదాసు. "ఊదుత. వచ్చినోళ్లు వచ్చిన వరసల ఊదాలె. నన్ను ఎన్కకు నెట్టొద్దు. ఎవలిదన్న గీత దాటితె ఇంకో కొత్త గొట్టం ఇయ్యాలె. అప్పుడు గూడ దాటితె, వాడు ఒప్పుకుంటె దవాఖానకు పంపాలె. గంతే."

ఇవన్నీ ఒప్పుకున్నారు. మనిషికొక కొత్త గొట్టం ఇవ్వమని నేను అడిగినదానికి మాత్రం మేనేజరు ససేమిరా అన్నాడు.

తిరిగి చేరిన రోజు దేవదాసు అందరికంటే ముందొచ్చి గేటు దగ్గర నిలబడ్డాడు. కొత్త గొట్టం విరిచారు. ఊదాడు. పలుకులు పసుపుగానే ఉన్నాయి. రామచంద్రయ్య ఆ గొట్టాన్ని అలవాటుగా రెండోవాడికి చాపాడు. రెండోవాడు భీమన్న.

"ఆయన ఊదినంక నేనెట్ల పెడత నోరు?" అన్నాడు భీమన్న.

"ఇన్నొద్దులు మీ అందరిది నేను పెట్టిన గద అన్నా," అన్నాడు దేవదాసు. "నాకేమన్న అయిందా?"

భీమన్న చేయి చాపలేదు. వాడి వెనకవాడూ చాపలేదు. లైను మొత్తం నేల చూస్తోంది. రామచంద్రయ్య మేనేజరుకు కబురంపాడు. ఊదనివాళ్లందరూ తాగినట్టే రాయాలంటే ఆ పొద్దున ఒక్క డంపర్ తప్ప ఏదీ కదలదు. మేనేజరు పరుగెత్తుకొచ్చాడు. లైన్‌ను చూశాడు, దేవదాసును చూశాడు, నావైపు తిరిగాడు.

"స్టోర్! డబ్బాలన్నీ బయటికి తియ్యి. మనిషికొక గొట్టం, మనిషికొక నోటిముక్క. తొందరగా!"

డబ్బా మీది ఎర్ర అక్షరాలు చెబితే వినలేదు. మాసయ్య పొట్టమీద కొట్టినప్పుడు వినలేదు. లేబర్ ఆఫీసరు ఎదుట అడిగినా వినలేదు. ఒక మాదిగవాడి ఉమ్మి తమకు అంటుతుందంటే మాత్రం క్షణంలో డబ్బాలు తెరుచుకున్నాయి. అందరూ తలొక గొట్టం విరుచుకుంటుంటే, నేను బొంబాయి అడ్రసు ఎవరికైనా తెలుసా అని మాసయ్య గురించి అడిగాను. ఎవరికీ తెలియదు. దేవదాసు అప్పటికే బండెక్కి ఇంజను స్టార్ట్ చేశాడు.