అర్జీలో అక్క

దాజీ పేట్‌లో నా గది కింద సాంచాలు, అంటే మరమగ్గాలు, నడుస్తుంటాయి. పైన నేను ఉత్తరాలు నడుపుతుంటాను, ఇంగ్లీషులోంచి తెలుగులోకి, తెలుగులోంచి ఇంగ్లీషులోకి. ఈ మరాఠీ ఊరికి బతకవచ్చిన మనవాళ్ళు ఇంట్లో తెలుగు మాట్లాడి బడిలో మరాఠీ చదువుకుంటారు. తెలంగాణ ఆఫీసు నుంచి కాగితం వస్తే సొంత భాషే అయినా చదవలేక నా మెట్లెక్కుతారు. అలా పొద్దంతా అధికారులకు గార్లు వడ్డిస్తాను. నాకు గారెలు వడ్డించిన చెయ్యి మాత్రం అమ్మతోనే పోయింది. ఆమె తరువాత నన్ను ‘ఏంరా’ అన్న మనిషి లేదు. అందరికీ నేను సార్‌నే. ఇంత గౌరవం ఒక్కడికే ఎక్కువ.

పోయిన వానాకాలంలో పక్క సందులో ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలు చుట్టే ఆమె ఒక ఇంగ్లీషు ఉత్తరం తెచ్చింది. ఆమెకు భర్త లేడు, పిల్లలు లేరు. చిన్నప్పుడు తనను ఎత్తుకుని పెంచిన అక్క కరీంనగర్ దిక్కు ఒక వృద్ధాశ్రమంలో ఉంది. దాన్ని నడిపేది ఒక కంపెనీ. అక్కను ఇంటికి తెచ్చుకుంటానని ఈమె అడిగించినందుకు కంపెనీవాళ్ళ జవాబు అది: జిల్లా సంక్షేమ అధికారికి తెలుగులో దరఖాస్తు పెట్టాలి, ఇంగ్లీషు నకలు తమకు పంపాలి, అధికారి విచారించి ఒప్పుకుంటే పంపుతారు.

“ఏమని రాయమంటారమ్మా?”

“మా అక్కను నాకియ్యిండ్రి అని రాయి సార్. అది ఆడ ఒక్కతే, నేనీడ ఒక్కదాన్నే. నా చాట పక్కన దాని చాట ఏస్త. ఉన్న రొట్టె ఇద్దరం తింటం.”

ఈ మాటలతో ప్రభుత్వం కదులుతుందా? నేను నా సరంజామా తీశాను. ‘గౌరవనీయులైన జిల్లా సంక్షేమ అధికారి గారి సముఖమునకు’ అని మొదలుపెట్టాను. తన పేరుకు తానే శ్రీమతి తగిలించుకోవడం మర్యాద కాదు కనుక ఆమె పేరును ఒంటరిగా వదిలేశాను. అక్క పేరుకు ముందు శ్రీమతినీ వెనక గారునూ కాపలా పెట్టాను. ‘మా జ్యేష్ఠ సోదరీమణి గారి సంరక్షణ బాధ్యతను స్వీకరించుటకు సంసిద్ధురాలనై ఉన్నానని విన్నవించుకొనుచున్నాను.’ చివర ‘తమ విధేయురాలు’. ఇంగ్లీషు నకలు నాలుగు పంక్తుల్లో అయిపోయింది. ఆ భాషలో అక్కా ‘షి’నే, అధికారీ ‘షి’నే.

చదివి వినిపిస్తే కొంగు తలమీదకు లాక్కుని విన్నది. “మస్తుంది సార్, పురాణం లెక్క” అని మరాఠీలో సంతకం చేసింది.

కొన్నాళ్ళకు ఆమె మోగుతున్న ఫోను పట్టుకుని నా గదికి పరుగెత్తుకొచ్చింది. అధికారి మేడం. స్పీకర్ పెట్టాం. నేను రాసిన ‘జ్యేష్ఠ సోదరీమణి’ వాక్యం అంతా ఆవిడ చదివి, “ఇది మీరు చెప్పి రాయించిందేనా అమ్మా?” అని అడిగింది.

“లేదు మేడం. గా మాటలు నేననలే.”

“మరి ఎవరన్నారు?”

ఆమె నా వైపు చూసింది. “మా సార్ అన్నడు.”

“ఎవరాయన? మీచేత బలవంతంగా రాయించాడా?”

“అయ్యో, మంచోడే మేడం. జర ఎక్కువ చదివిండు, అంతే.”

మేడం నవ్వలేదు. చుట్టాలమని చెప్పి ముసలివాళ్ళ పింఛను కోసం తీసుకుపోయేవాళ్ళున్నారని, మనిషిని పంపాలంటే అడిగినవాళ్ళ మాట తనకు తెలియాలని అన్నది. దరఖాస్తు వెనక్కి పంపుతానంది. ఫోను ఆగింది. కింద సాంచాలు ఆగలేదు.

“గిప్పుడు మా అక్క రాదా సార్?”

నా దగ్గర ఏ హోదాకు తగ్గ సంబోధన ఆ హోదాకు ఉంది. దీనికి మాత్రం కొత్త కాగితం తీశాను.

మళ్ళీ కూర్చున్నాం. పైన గౌరవనీయులు, కింద విధేయురాలు అలాగే ఉంచాను. ఆఫీసుకు అవి తలుపూ గడియా లాంటివి. వాటి వెంట వేరే కాగితం మీద వాంగ్మూలం జతచేశాను. వాంగ్మూలం చెప్పినవాళ్ళ మాటల్లోనే ఉండాలి. ఆమె చెప్తుంటే రాశాను. ‘అది ఆడ ఒక్కతే’ దగ్గర నా కలం ‘ఆమె’ వైపు జారింది.

“అక్కను అది అనకుంటె ఇంకేమంట సార్? పరాయిదా?”

‘అది’ అనే రాశాను. ఇంగ్లీషు నకలులోనూ ఆ రెండు చాటలను పక్కపక్కన పెట్టాను. కంపెనీ ఉత్తరాల్లో అలాంటి సామాను చాలా అరుదు.

రెండోసారి ఫోను వచ్చినప్పుడు మేడం నెమ్మదిగా చదివింది. “‘నా చాట పక్కన దాని చాట ఏస్త.’ ఇది మీ మాటేనా?”

“నాదే మేడం. అక్కనడుగుండ్రి, నా గొంతు ఎర్కవడ్తది.”

“అడిగాను. చదివి వినిపిస్తే, ఇది మా చిన్నదే అంది. వచ్చి తీసుకెళ్ళండి.”

అక్క వచ్చిన వారం నన్ను ఇంటికి పిలిచారు. గోడవారన రెండు చాటలు, మధ్యలో తునికాకు కట్ట. ముసలామె కత్తెర పక్కన పెట్టి నన్ను కిందికీ మీదికీ చూసింది.

“గీడేనా మన అర్జీ రాసినోడు?”

చెల్లెలు నాలుక కరుచుకుంది. “అక్కా! సార్‌ను గట్లంటరా?”

ఆమె వినిపించుకోలేదు. “ఏంరా, తిన్నవా?”

అంతటి ప్రశ్నకు తగిన మర్యాద కోసం నాలో నేను చాలా వెతికాను. దొరకలేదు.

“లేదక్కా” అన్నాను.