మసాలా డబ్బా – అయింది

నాకు ఎక్సెల్ వచ్చు. సూర్యాపేటలో మా స్కూలు స్టాఫ్‌రూములో ఎవరిని అడిగినా ఈ మాటే చెబుతారు, ఎందుకంటే వాళ్ళందరికీ చెప్పింది నేనే. లెక్కల సారును. పిల్లల మార్కులు, బల్లల లెక్క, ఆఖరికి మా ఇంట్లో పాతబట్టల మూటలు కూడా గళ్ళల్లో పెట్టిన ఘనుణ్ణి. గళ్ళల్లో లేని లిస్టు కనబడితే నా చెయ్యి దురద పెడుతుంది. ఆ దురదతోనే మా చెల్లె మొదటి ఆర్డరును నిండా ముంచబోయాను.

చెల్లెను మిర్యాలగూడకు ఇచ్చాం. భర్త రైసుమిల్లులో పని. ఆమె ఎనిమిదేళ్ళు ఒక వంట మాస్టరు దగ్గర పనిచేసింది. ఉల్లిగడ్డలు కోయడంతో మొదలుపెట్టి, చివరికి కోడికూర వండే పెద్ద గంజు పూర్తిగా తన చేతికి తెచ్చుకుంది. అయినా పిలుపు మాస్టరుకే వచ్చేది. మొదటిసారి తన పేరు మీద ఆర్డరు పట్టింది. కోదాడలో ఒక రిటైర్డు నర్సమ్మ కొత్త ఇల్లు కట్టుకుంది. ఆదివారం ప్రార్థన పెట్టుకుని, తర్వాత రెండు వందల మందికి భోజనాలు. ఆ నర్సమ్మ ఎక్కడో పెళ్ళిలో చెల్లె కూర తిని, మాస్టరును కాదని ఈమె ఫోను నంబరు అడిగి తీసుకుందట.

"మంచిగయితే ఇంకో నాలుగిండ్లు పిలుస్తరు అన్నా. కాకపోతే మళ్ల పోయి మాస్టరు ముంగట ఉల్లిగడ్డలు కోసుడే. ఆయన నవ్వుకుంట కత్తిపీట ఇస్తడు సూడు, అది తల్సుకుంటెనే నాకు తిండి పోతలేదు" అన్నది ఫోనులో.

ఇగ ఆగుతానా? శనివారం మధ్యాహ్నం లాప్‌టాప్ సంచీ తగిలించుకుని బస్సెక్కాను. నేను వెళ్ళి ఏం చేస్తానో నాకూ తెలీదు, చెల్లెకూ తెలీదు.

వెళ్ళేసరికి వాకిట్లో సగం సామాను సంచుల్లో ఉంది. చెల్లె చేతిలో ఒక పొడుగు నోట్‌బుక్కు. అందులో రెండు పేజీల నిండా ఆమె కోడికాళ్ళ రాత: పెద్ద గంజులు, గంటెలు, జల్లెళ్ళు, నీళ్ళ డ్రమ్ములు, పసుపు, నూనె, మసాలా డబ్బా. ప్రతిదాని పక్కన ఎన్ని కావాలో రాసి ఉంది. ఒక వస్తువు సంచిలో పడగానే పెన్నుతో దాని మీద అడ్డంగా ఒక గీత కొడుతోంది. మొత్తం నలభై ఆరు వస్తువులు. నేను వెళ్ళేటప్పటికి ఇరవై రెండింటి మీద గీతలు పడ్డాయి.

"ఇదేం లిస్టే తల్లీ? గంటెల కింద పసుపు, పసుపు కింద చాపలు. రేపు పొద్దున హడావిడిలో ఏది ఉందో ఏది లేదో ఎట్లా వెతుకుతవ్?"

"యాదికొచ్చినట్టు రాసిన. నాకు తెల్సు గదా."

"నీకు తెలిస్తే సరిపోదు. పద్ధతి ఉండాలె."

పద్ధతి అంటే నేనే కదా. రెండు పేజీలనూ ఫోనుతో స్కాన్ చేశాను. ఫొటో చూసి పట్టిక చేసిచ్చే యాప్ ఒకటి నా దగ్గరుంది. మూడు నిలువు వరుసలు కావాలన్నాను: వస్తువు, ఎన్ని, సర్దడం అయిందా కాలేదా. క్షణంలో ఇచ్చింది. లెక్కపెడితే ఇరవై నాలుగే ఉన్నాయి. గీత కొట్టినవాటిని అక్కర్లేదనుకుని వదిలేసింది పాపం. గీత పడితే సంచిలోకి వెళ్ళినట్టు అని చెప్పాను. ఈసారి నలభై ఆరూ వచ్చాయి. కానీ నీళ్ళ డ్రమ్ములు పదకొండు అని ఉంది. రెండు వందల మందికి వంటా, స్నానాలా? నోట్‌బుక్కు చూస్తే, పై వరుసలో 2 ఉంది, దాని కింద "పైదే ఇక్కడ కూడా" అన్నట్టు చెల్లె రెండు చిన్న గీతలు పెట్టింది. యాప్ వాటిని రెండు ఒకట్లు అనుకుంది. దిద్దాను. పట్టికను లాప్‌టాప్‌లోకి తెచ్చుకుని, పసుపు దగ్గర అరకిలోకు 1/2 అని కొడితే ఎక్సెల్ దాన్ని ఫిబ్రవరి ఒకటో తారీఖు చేసి కూర్చుంది. ఆ గడిని టెక్స్టుగా మార్చి మళ్ళీ కొట్టాను.

"సూశినవా చెల్లె, మిషన్‌ను గుడ్డిగా నమ్మొద్దు. పక్కన మనిషుండాలె" అన్నాను. ఆ మాట అన్నప్పుడు నా మొహం ఎట్లా వెలిగిపోయిందో నాకు ఇప్పటికీ గుర్తు. తలుచుకుంటే చెంపలు వాయించుకోబుద్ధవుతుంది.

నోట్‌బుక్కు ఒక పక్క, స్క్రీను ఒక పక్క పెట్టుకుని నలభై ఆరు వరుసలూ ఒక్కొక్కటీ సరిచూశాను. ఒక్క తప్పు లేదు. అక్కడ ఆపి ఒక చాయ్ తాగి పడుకుంటే నేను మనిషిని అయ్యేవాణ్ణి. ఆపలేదు. అకారాది క్రమంలో ఉంటే వెతకడం తేలిక కదా అనిపించింది. వస్తువు, ఎన్ని అనే రెండు నిలువు వరుసలను మౌసుతో లాగి పట్టుకుని, అ నుంచి హ దాకా సర్దమని నొక్కాను. అది బుద్ధిగా సర్దింది. బజారులో జిరాక్సు షాపుకు వెళ్ళి ప్రింటు తీయించి, చెల్లె చేతిలో పెట్టి, ఆ నోట్‌బుక్కు మూసేయమని, మిగతావి పొద్దున సర్దుదామని అన్నాను.

పొద్దున ఐదున్నరకు ట్రాలీ ఆటో వచ్చింది. కాగితం నా చేతిలో. "కాలేదు" అని ఉన్నవన్నీ నేను గట్టిగా చదువుతున్నాను, చెల్లె తెస్తోంది, డ్రైవరు ఎక్కిస్తున్నాడు.

"గంటెలు, ఆరు!"

"గంటెలు నిన్ననే కట్టిన గదన్నా."

"కాగితంల కాలేదని ఉంది."

ఆమె కట్టిన సంచి వైపు చూసింది, కాగితం వైపు చూసింది. తర్వాత లోపలికి పోయి, గోడకు వేలాడుతున్న పాత గంటెలు ఆరు తెచ్చి సంచిలో వేసింది. నేను "శభాష్" అని టిక్కు పెట్టాను. చెల్లె భర్త అప్పటికే మిల్లుకు వెళ్ళిపోయాడు. ఇంటికి తాళం వేసి, తాళంచెవి కొంగున ముడేసుకుని ఆమె డ్రైవరు పక్కన కూర్చుంది. నేను వెనక గంజుల మధ్య, కాగితం ఎగిరిపోకుండా పట్టుకుని కూర్చున్నాను.

ఏడు దాటాక కోదాడ చేరాం. సామాను దించి డ్రైవరు ఇంకో కిరాయికి వెళ్ళిపోయాడు. చెల్లె సంచులు విప్పింది. గంటెలు పన్నెండు బయటికొచ్చాయి. జల్లెళ్ళు, చాపలు రాలేదు, వాటిని ఆ ఇంట్లో అడిగి తీసుకోవచ్చు. మసాలా డబ్బా కూడా రాలేదు.

అన్ని సంచులూ వాకిట్లో గుమ్మరించాం. లేదు. ఆ మసాలా ఆమె నాలుగు రోజులు ఎండబెట్టి, వేయించి, దంచుకున్నది. నర్సమ్మ పిలిచింది ఆ కూర కోసమే. చెల్లె ఒక్కో సంచీ తిరగేసి మళ్ళీ దులిపింది.

"యాప్ తప్పు చేసి ఉంటది" అన్నాను. సిగ్గు లేకుండా అన్నాను. నిన్న దాన్ని వరుస వరుసగా సరిచూసింది నేనే కదా! ఫోను తీసి నోట్‌బుక్కు ఫొటో చూశాను. మసాలా డబ్బా మీద గీత లేదు. కాగితంలో మాత్రం ఎదురుగా "అయింది" అని ఉంది. గంటెల మీద గీత ఉంది. కాగితంలో "కాలేదు". ఇంకో నాలుగు చూశాక అర్థమైంది. నేను అకారాదిగా సర్దమన్నది రెండు నిలువు వరుసలనే. వస్తువులూ అంకెలూ కలిసి జరిగాయి, అయిందా కాలేదా అన్న మూడో వరుస మాత్రం ఉన్నచోటే ఉండిపోయింది. ఎవరి "అయింది" ఎవరి పక్కకు పోయిందో దేవుడికే తెలియాలి. అంకెలు సరిగ్గానే ఉన్నాయి గనక నాకు ఏ అనుమానమూ రాలేదు.

"చెల్లె, యాప్‌ది కాదు. నాదే తప్పు."

ఆమె నా ఫోను లాక్కుని టైము చూసింది.

"పోయి రావాల్నంటె ఎంతసేపు?"

"బస్సుకు పోను రాను మూడు గంటలు తక్కువ కాదు."

"తొమ్మిదిన్నరకు గంజు ఎక్కాలె. కాదు."

అప్పుడే నర్సమ్మ వచ్చింది. "ఏమ్మా, ఇంకా పొయ్యి వెలిగించలేదేంటి? సామానంతా ఇలా పరిచారు?"

"వెలిగిస్తున్న మేడమ్. మసాలా మీ ముంగట్నే తాజాగ పట్టిస్త" అన్నది చెల్లె, తొణక్కుండా. నర్సమ్మ వెళ్ళగానే నా వైపు తిరిగింది. "ధనియాలు, చెక్క, లవంగం, ఇలాయిచి, షాజీర, జాపత్రి. ఉరుకు."

"ఏది ఎంత?"

"ధనియాలు కిలో. మిగిలినయి నా పిడికిలికి వస్తయి, నేను జెప్తే నీకు తెల్వది. అన్నీ జర ఎక్కువనే తే."

కిరాణా కొట్టు షట్టరు ఎత్తేదాకా గుమ్మంలో నిలబడ్డాను. సరుకు తెస్తే ఆమె వేయించింది. వాసన చూసుకుంటూ, ఒక్కోటి పిడికిలితో తీసి పళ్ళెంలో వేసింది. అది పట్టుకుని పిండిగిర్ని కోసం పరుగెత్తాను. గిర్ని ఆయన బియ్యప్పిండి పట్టిన రాళ్ళలో మసాలా వెయ్యనన్నాడు. కారం పట్టే మిషను వేరే ఉందట, దానికి వరుస ఉందట. లెక్కల సారునని చెప్పాను. అయితే లెక్క ప్రకారం నాలుగోవాడివి నిలబడమన్నాడు. కారం ఘాటుకు తుమ్ముతూ, ముక్కు తుడుచుకుంటూ నిలబడ్డాను. పది దాటాక వేడి వేడి పొడి తెచ్చి చెల్లెకు ఇచ్చాను. అప్పటికే ముక్కలు ఉడుకుతున్నాయి.

ఒంటి గంటకు భోజనాలు మొదలయ్యాయి. నేను నీళ్ళ గ్లాసులు అందిస్తూ ప్రతి విస్తరి వైపూ దొంగచూపులు చూశాను. నర్సమ్మ తినడం అయ్యాక వంట దగ్గరకు వచ్చింది.

"అప్పుడు తిన్న కూర ఇది కాదమ్మాయ్. దానికి రుచి వేరు."

చెల్లె గంటె కింద పెట్టింది.

"ఇదీ బాగుంది, కాదనను. ఘాటు ఎక్కువైంది. మా అక్క కూతురి నిశ్చితార్థం ఉంది, అప్పుడు మాత్రం ఆ పాత కూరే చెయ్యాలి. చేస్తావా?"

"చేస్త మేడమ్" అన్నది చెల్లె. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మసాలా ఘాటు అనుకుంటారులే అని తుడుచుకోలేదు.

నాలుగింటికి పంపు దగ్గర కూర్చుని ఇద్దరం గంజులు తోముతున్నాం. గండం గడిచింది గనక నాకు మళ్ళీ నోరు లేచింది. ఈసారి మూడు వరుసలూ కలిపి సర్దుతానని, అసలు సర్దకుండా వదిలేస్తే ఇంకా మంచిదని, ఏదేదో వాగుతున్నాను.

చెల్లె చెయ్యి ఆపకుండానే అన్నది: "పొద్దున తాళమేసేటప్పుడు డబ్బా షెల్ఫుల కనవడ్డదన్నా."

"ఏ డబ్బా?"

"మసాలా డబ్బానే."

"మరి తీసుకోలేదేందే?"

"నీ కాగితంల అయిందని ఉన్నది గదా. సదువుకున్నోడు రాసిండు, నేనే తప్పు సూస్తున్ననేమో, అది ఖాళీ డబ్బా గావొచ్చు అనుకున్న. మూత తీసి గూడ సూడలే."

ఆమె గంజు కడిగి బోర్లించి, ఇంకోటి నా ముందుకు జరిపింది.